లేహ్‌లో ఉదయం లేని బరువు పదకొండింటికి ఎక్కడి నుంచి వచ్చింది?

రవి_కొత్తపేట · శనివారం, రాత్రి 9:14

జూలై చివర్లో ఇంటిల్లిపాదీ లదాఖ్ వెళ్లొచ్చాం. ట్రిప్పు బ్రహ్మాండం, తిరుగు ప్రయాణమే గందరగోళం. లేహ్ నుంచి ఉదయం 8కి బయల్దేరాల్సిన విమానం ఢిల్లీలోనే ఆలస్యమై పదిన్నరకు వచ్చింది. ఎక్కి కూర్చున్నాక అరగంట కదల్లేదు. ఆ తర్వాత "ఎండ పెరిగింది, వెయిట్ తగ్గించాలి" అని చెప్పి కొందరి సామాను దింపేశారు. వాటిలో మా సూట్‌కేసులు రెండు. మర్నాడు హైదరాబాద్ చేరాయి, అది వేరే కథ.

నాకు అర్థం కానిది ఒక్కటే. అదే విమానం, అంతే మంది, అంతే సామాను. ఉదయం 8కి లేని బరువు పదకొండింటికి ఎక్కడి నుంచి వచ్చింది? లేహ్‌లో మధ్యాహ్నం పూట విమానాలు దాదాపు ఉండవని కూడా అక్కడే విన్నాను. ఎండకీ విమానానికీ ఏమిటి సంబంధం? తెలిసినవాళ్లు ఎవరైనా మామూలు భాషలో చెప్పగలరా?

సుధ_మాధురి · శనివారం, రాత్రి 9:31

రవి గారూ, మీరు మొదటి రెండు రోజులూ రెస్ట్ తీసుకున్నారా? మా ఆడపడుచుకి లేహ్‌లో దిగిన రోజే తలనొప్పి, వాంతులు. డాక్టర్‌ని అడిగి ముందే మాత్రలు వేసుకోవాల్సింది. ఎత్తుకి వెళ్తే అంతే, ఒంటికి అలవాటు పడే టైమ్ ఇవ్వాలి.

రవి_కొత్తపేట · శనివారం, రాత్రి 9:38

మాకు తలనొప్పి రాలేదు సుధ గారూ. వచ్చింది విమానానికి :)

రామ్మోహన్_రిటైర్డ్ · శనివారం, రాత్రి 10:05

ఇది చాలా సింపుల్ రవి గారూ. పైకి వెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గిపోతుంది. ఇంధనం మండాలంటే ఆక్సిజన్ కావాలి. అది చాలక ఇంజన్‌కి బలం తగ్గుతుంది. ఎండకి ఇంజన్ వేడెక్కుతుంది, అది అదనం. అంతే, ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు.

భార్గవి_డిస్పాచ్ · శనివారం, రాత్రి 11:20

రామ్మోహన్ గారు సగం దారి చెప్పారు. నేను చాలా ఏళ్లు ఫ్లైట్ డిస్పాచ్‌లో, అంటే విమానం బయల్దేరే ముందు బరువు లెక్కలు కట్టే చోట పనిచేశాను, లేహ్ లెక్కలు రోజూ వేసేదాన్ని. కాబట్టి మిగతా సగం నేను చెబుతాను.

ముందొక సవరణ. ఆక్సిజన్ శాతం లేహ్‌లోనూ సుమారు 21, మచిలీపట్నంలోనూ 21. తగ్గేది శాతం కాదు, మొత్తం గాలే. ఒక బకెట్‌లో పట్టే గాలి బరువు తగ్గుతుంది. ఇంజన్‌కి ఆక్సిజన్ కావాలి సరే, రెక్కకి అక్కర్లేదు కదా. రెక్క గాలిని కిందికి నెట్టి, ఆ బలంతో తాను పైకి లేస్తుంది. నెట్టడానికి గాలి తక్కువుంటే రెక్క కూడా ఇబ్బంది పడుతుంది. అంటే దెబ్బ ఇంజన్ మీద ఒకటి, రెక్క మీద ఒకటి.

ఇప్పుడు ఎండ సంగతి. వేడెక్కితే గాలి వ్యాకోచిస్తుంది, అదే బకెట్‌లో ఇంకాస్త తక్కువ పడుతుంది. ఎత్తు వల్ల గాలి పలచబడినా, వేడి వల్ల పలచబడినా విమానానికి తేడా తెలియదు. అందుకే మేం రెండింటినీ కలిపి ఒకే అంకెలో చెబుతాం. "ఈ రోజు ఇక్కడి గాలి, ప్రామాణిక వాతావరణంలో ఎన్ని అడుగుల ఎత్తునుండే గాలితో సమానం?" అన్నదే ఆ అంకె. దాని పేరు డెన్సిటీ ఆల్టిట్యూడ్. రన్‌వే పక్కన బోర్డు మీద రాసే ఎత్తు ఏడాదంతా మారదు, ఇది గంటగంటకీ మారుతుంది.

చేత్తో వేసుకునే లెక్క ఇది:

```
DA = PA + 120 × (OAT − ISA)
```

PA అంటే ఎత్తు కొలిచే ఆల్టిమీటర్‌ని ప్రామాణిక పీడనం 1013 మిల్లీబార్ల మీద పెడితే అది చూపించే ఎత్తు. OAT బయటి ఉష్ణోగ్రత. ISA అంటే ఆ ఎత్తులో ప్రామాణికంగా ఉండాల్సిన ఉష్ణోగ్రత. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలతో మొదలుపెట్టి, వెయ్యి అడుగులకు సుమారు 2 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి.

లేహ్ ఎయిర్‌పోర్టు ఎత్తు 10,682 అడుగులు. PA కూడా దాదాపు అంతే అనుకుని 10,700 వేసుకుందాం. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత −6. తెల్లవారి 8 డిగ్రీలుంటే తేడా 14. దాన్ని 120తో గుణిస్తే 1,680. మొత్తం దాదాపు 12,400 అడుగులు. ఎండెక్కి 28 డిగ్రీలైతే తేడా 34, అప్పుడు మొత్తం 14,800 దగ్గరికి వస్తుంది. రవి గారి విమానం ఆలస్యమైన కొద్దీ రన్‌వే ఉన్నచోటే ఉండి పైకి జరిగిందన్నమాట.

పోలికకి మన శంషాబాద్ 2,024 అడుగులు. మే నెలలో 40 డిగ్రీలుంటే అదే లెక్కకి 5,500 వస్తుంది. మీరు రోజూ ఎక్కే విమానాలు కూడా వేసవిలో ఈ పన్ను కడుతూనే ఉంటాయి. కాకపోతే అక్కడ రన్‌వే పొడవు, చుట్టూ కొండల్లేవు. అందుకే మీ దాకా రాదు.

రామ్మోహన్_రిటైర్డ్ · ఆదివారం, ఉదయం 6:50

శాతం విషయంలో పొరపాటు ఒప్పుకుంటున్నానమ్మా. కానీ ఒక సందేహం. గాలి పలచగా ఉంటే అడ్డుపడేది కూడా తక్కువే కదా? విమానాలు 35 వేల అడుగులకు వెళ్లేదే అందుకని చదివాను. ఆ లెక్కన లేహ్‌లో ఇంకా త్వరగా లేవాలి.

భార్గవి_డిస్పాచ్ · ఆదివారం, ఉదయం 8:15

మంచి ప్రశ్న సార్. కొత్తగా చేరినప్పుడు నేనూ అడిగాను, మా సీనియర్ నవ్వారు.

కాక్‌పిట్‌లో స్పీడు చూపించే ముల్లు నిజానికి వేగాన్ని కొలవదు. ఎదురుగా వచ్చే గాలి ఎంత గట్టిగా తోస్తోందో కొలుస్తుంది. రెక్కకి కావల్సింది కూడా ఆ తోపే. ఒక బరువున్న విమానం ముక్కు ఎత్తడానికి ముల్లు 145 నాట్లు చూపాలనుకోండి. సముద్రం ఒడ్డునా 145, లేహ్‌లోనూ 145. తోపు ఒకటే కాబట్టి గాలి వల్ల వచ్చే అడ్డు కూడా రెండుచోట్లా ఒకటే. మీరన్న లాభం ఇక్కడ దొరకదు.

కానీ పలచటి గాలిలో అంతే తోపు రావాలంటే నేల మీద ఇంకా వేగంగా పరిగెత్తాలి. లేహ్‌లో 28 డిగ్రీలప్పుడు గాలి సాంద్రత సముద్రమట్టపు ప్రామాణిక సాంద్రతలో 64 శాతం. దానికి వర్గమూలం 0.8. 145ని 0.8తో భాగిస్తే 181. అంటే ముల్లు 145 చూపుతుంటే చక్రాలు నేల మీద 181 నాట్లతో దొర్లుతున్నాయి, గంటకి 335 కిలోమీటర్లు.

ఇందులో రెండు చిక్కులున్నాయి. వేగం 25 శాతం పెరిగితే, కూడగట్టుకోవాల్సిన శక్తి వర్గంలో పెరుగుతుంది, అంటే ఒకటిన్నర రెట్లకి పైమాట. అదే సమయంలో ఇంజన్ తోసే బలం తగ్గింది. ఉదాహరణకి అది మునుపటి బలంలో 70 శాతమే అనుకోండి. 1.56ని 0.7తో భాగించండి: 2.2 వస్తుంది. రన్‌వే మీద పరుగు రెట్టింపు దాటిపోయింది. ఇది నేను వేసిన మోటు లెక్కే. విమానానికి విమానానికి మారుతుంది, ఎటు పోతుందో మాత్రం తెలుస్తుంది.

ఇంజన్ గురించి రామ్మోహన్ గారు "వేడెక్కుతుంది" అన్నది ఒక విధంగా నిజమే. జెట్ ఇంజన్ కొంత ఉష్ణోగ్రత దాకా ఇవ్వాల్సిన థ్రస్ట్, అంటే తోసే బలం, ఇస్తుంది. ఆ హద్దు దాటితే లోపలి టర్బైన్ రెక్కలు తట్టుకోలేవు కాబట్టి ఇంధనం తగ్గించక తప్పదు. ఆ హద్దు తర్వాత ప్రతి డిగ్రీకీ థ్రస్ట్ పోతూ ఉంటుంది.

బుల్లెట్_శ్రీను · ఆదివారం, ఉదయం 9:02

అక్కా, ఇదంతా నా బండి ముందే చెప్పింది. 2014లో పాత కార్బురేటర్ బుల్లెట్ మీద ఖార్‌దుంగ్ లా ఎక్కాను. పైన ఉక్కిరిబిక్కిరై నల్లపొగ కక్కింది, నేను దిగి తోశాను. పక్కన కొత్త ఇంజెక్షన్ బండి వాడు విజిలేసుకుంటూ పోయాడు. విమానాల్లో కూడా ఇంజెక్షన్ పెట్టేస్తే సరిపోదా?

వినయ్_అరిజోనా · ఆదివారం, ఉదయం 9:40

శ్రీను అన్నా, మీ బుల్లెట్ కథే నాకు గాల్లో జరగబోయింది. నేను ఖమ్మం వాణ్ని, ఫీనిక్స్ దగ్గర ఫ్లయింగ్ నేర్చుకుంటున్నాను. సెస్నా 172. మా చిన్న విమానాల్లో ఇంధనం, గాలి పాళ్లు సరిచేసే ఎర్ర నాబ్ పైలట్ చేతిలోనే ఉంటుంది. ఇంజెక్షన్ ఉన్న సెస్నాలో కూడా అంతే. గాలి పలచబడితే మనమే ఇంధనం తగ్గించాలి, మీ కొత్త బండిలా అదంతట అది సర్దుకోదు.

గత జూన్‌లో ఇన్‌స్ట్రక్టర్‌తో ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్లాను. ఎత్తు 7,014 అడుగులు. అక్కడ భోంచేసి మధ్యాహ్నం 2 గంటలకి బయల్దేరాం. బయట 30 డిగ్రీలు. ఫీనిక్స్‌లో 42 చూసొచ్చాం కదా, చల్లగా హాయిగా ఉందనుకున్నాను. అదే నా తప్పు. ఒంటికి హాయిగా ఉండటం వేరు, గాలి చిక్కగా ఉండటం వేరు. భార్గవి మేడం సూత్రంలో వేసి చూడండి: 7,000 అడుగుల దగ్గర ప్రామాణిక ఉష్ణోగ్రత 1 డిగ్రీ, తేడా 29, డెన్సిటీ ఆల్టిట్యూడ్ 10,500.

అలవాటు ప్రకారం ఎర్ర నాబ్ పూర్తిగా లోపలికి నెట్టేసి ఫుల్ పవర్ ఇచ్చాను. ఇంజన్ గరగరలాడింది, ఉండాల్సినంత RPM రాలేదు. ఇన్‌స్ట్రక్టర్ ఏమీ అనకుండా పవర్ తీసేశాడు. పక్కకి తీసుకెళ్లి, ఫుల్ పవర్‌లో నాబ్ మెల్లగా వెనక్కి లాగుతూ RPM ఎక్కడ గరిష్ఠానికి వస్తుందో చూపించాడు. కళ్లముందే ముల్లు పైకి లేచింది. ఆ తర్వాత టేకాఫ్ చేశాం.

రన్‌వే 8,800 అడుగులు కాబట్టి పరుగు గురించి భయపడలేదు. చెమటలు పట్టింది లేచిన తర్వాత. సముద్రమట్టం దగ్గర నిమిషానికి 730 అడుగులు ఎక్కాల్సిన విమానం 250 ఎక్కింది. ముందంతా పైన్ చెట్లు. చెట్లు దగ్గరికొస్తున్నాయి, మనం మాత్రం పైకి పోవట్లేదు అనిపించింది. ముక్కు ఇంకొంచెం ఎత్తబోయాను, ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి అడ్డుపెట్టాడు.

రవి_కొత్తపేట · ఆదివారం, ఉదయం 10:10

అమ్మో. ముక్కు ఎత్తితే పైకే కదా పోవాలి, ఎందుకు ఆపాడు?

వినయ్_అరిజోనా · ఆదివారం, ఉదయం 10:26

పవర్ మిగులు లేకుండా ముక్కెత్తితే స్పీడు పోతుంది సార్, స్పీడు పోతే రెక్క పట్టు వదిలేస్తుంది. 2012లో ఐడహోలో బ్రూస్ మెడోస్ అనే గడ్డి రన్‌వే నుంచి లేచిన స్టిన్సన్ 108 వీడియో ఉంది, మా స్కూల్లో అందరికీ చూపిస్తారు. లోపల నలుగురు. ఆ చోటు 6,370 అడుగుల ఎత్తు, ఆ వేళకి డెన్సిటీ ఆల్టిట్యూడ్ 9 వేల పైమాటే. విమానం లేచింది. కానీ ఎంతసేపటికీ చెట్ల మీదే ఈదుతున్నట్టు పోయి, చివరికి చెట్లలోనే పడింది. నలుగురూ బతికారు. నన్ను భయపెట్టిందేమిటంటే, వీడియోలో చాలాసేపు అంతా మామూలుగానే కనిపిస్తుంది.

భార్గవి_డిస్పాచ్ · ఆదివారం, మధ్యాహ్నం 12:45

వినయ్ చెప్పింది అసలు సంగతి. రన్‌వే పరుగు గురించి అందరూ మాట్లాడతారు. లేహ్‌లో సామాను దింపించేది మాత్రం చాలాసార్లు పరుగు కాదు, ఎక్కుడే, అంటే లేచాక విమానం ఎంత ఏటవాలుగా పైకెక్కగలదన్నది.

నెలజీతంలా చూడండి. జీతం 7 వేలు, ఇంటి ఖర్చు 5 వేలు, మిగిలేది 2 వేలు. జీతం 8 శాతం తగ్గితే 6,440 వస్తుంది. ఖర్చు తగ్గలేదు. మిగులు 1,440. జీతం పోయింది 8 శాతమే, మిగులు మాత్రం 28 శాతం పోయింది. విమానం పైకెక్కేది ఆ మిగులుతోనే.

ఇప్పుడు రూపాయల బదులు బలం వేసుకుందాం. అంకెలు ఉదాహరణకే, ఏ విమానం పుస్తకంలోవీ కావు. 60 టన్నుల విమానం, ఒక ఇంజన్ ఆగిపోయిందనుకోవాలి. మేం ప్రతి టేకాఫ్‌కీ అలా అనుకునే లెక్క వేస్తాం. మిగిలిన ఒక్క ఇంజన్ 7 టన్నుల బలంతో తోస్తోంది, గాలి అడ్డు 5 టన్నులు. మిగులు 2 టన్నులు. 60లో 2 అంటే 3.3 శాతం, వంద అడుగులు ముందుకెళ్తే 3.3 అడుగులు పైకి. ఎండ పెరిగి థ్రస్ట్ 8 శాతం తగ్గితే మిగులు 1.44, ఎక్కుడు 2.4 శాతం. రెండు ఇంజన్ల జెట్‌కి చక్రాలు మడిచాక, ఒక ఇంజన్ మీద ఉండాల్సిన కనీస ఎక్కుడు సరిగ్గా ఆ 2.4. అది కూడా చుట్టూ ఏమీ లేని చోట. లేహ్‌లో లోయ, చుట్టూ కొండలు. అక్కడికి అది చాలకపోవచ్చు.

మునుపటి 3.3 మళ్లీ కావాలంటే ఒకటే దారి, బరువు కూడా 8 శాతం తగ్గించాలి. 60 టన్నుల్లో 4.8 టన్నులు. మనిషికి సామానుతో కలిపి వంద కిలోలు వేసుకుంటే 48 మంది. రవి గారూ, మీ సూట్‌కేసులతో సరిపెట్టారంటే ఆ రోజు ఎండ దయ తలచినట్టే.

మీ అసలు ప్రశ్నకి జవాబు కూడా ఇదే. బరువు పెరగలేదు, మోయగలిగే బరువు తగ్గింది.

రవి_కొత్తపేట · ఆదివారం, మధ్యాహ్నం 1:30

ఈ జీతం లెక్క మా ఆవిడకి కూడా అర్థమైంది, చాలా బాగా అర్థమైంది. మరి రన్‌వే పొడిగించేస్తే పోలేదా మేడం? లేహ్‌లో స్థలం లేదంటారా?

భార్గవి_డిస్పాచ్ · ఆదివారం, మధ్యాహ్నం 2:05

పొడవు కొంతవరకే ఆదుకుంటుంది. టిబెట్‌లో బంగ్దా ఎయిర్‌పోర్టు 4,334 మీటర్ల ఎత్తులో ఉంది, దానికి 5,500 మీటర్ల రన్‌వే వేశారు. ఐదున్నర కిలోమీటర్లు! బొలీవియాలో ఎల్ ఆల్టో కూడా 4 వేల మీటర్ల ఎత్తు, రన్‌వే కూడా 4 వేల మీటర్లు. కాబట్టి పొడవు ఉపయోగపడదని అనను.

కానీ చక్రాల టైర్లకి ఒక హద్దుంది. మనం ఎక్కే రకం జెట్లకి మామూలుగా 195 నాట్లు. ఇందాకటి 181 చూశారుగా, హద్దుకి ఎంత దగ్గరో. వెనకనుంచి 10 నాట్ల గాలి తోస్తే 191. ఆగాల్సొస్తే ఆ వేగం నుంచి బ్రేకులు మింగాల్సిన వేడి ఇంకో హద్దు. రన్‌వే పది కిలోమీటర్లున్నా టైరు, బ్రేకు మారవు. లేచాక ఎక్కుడు సంగతి రన్‌వేతో అసలు సంబంధం లేనిది.

విశాఖ_కెరటం · ఆదివారం, సాయంత్రం 5:48

మా వైజాగ్ పరిస్థితి ఏంటి మరి? ఎత్తు లేదు కానీ మే నెలలో ఆ ఉక్క, ఆ చెమట, గాలి బరువెక్కి గుండెల మీద కూర్చున్నట్టుంటుంది. గాలి బరువుగా ఉంటే విమానానికి మంచిదేనన్నమాట!

భార్గవి_డిస్పాచ్ · ఆదివారం, సాయంత్రం 6:30

మన ఒంటికి బరువుగా అనిపించేది చెమట ఆరకపోవడం వల్ల. నీటి ఆవిరి అణువు గాలి అణువుల సగటు కంటే తేలిక, 29కి బదులు 18. ఉక్కపోత గాలి నిజానికి పొడిగాలి కంటే తేలిక. 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే సాంద్రత ఇంకో ఒకటిన్నర శాతం పోతుంది, అంటే ఓ 500 అడుగులు కలుపుకోవచ్చు. జెట్‌కి పెద్ద లెక్కలోది కాదు. వినయ్ లాంటి వాళ్ల చిన్న ఇంజన్‌కి మాత్రం తేమ సాంద్రతను మించి నష్టం చేస్తుంది, ఎందుకంటే ఆవిరి చోటు ఆక్రమిస్తుంది గానీ మండదు.

విశాఖ_కెరటం · ఆదివారం, సాయంత్రం 6:41

ఇన్నాళ్లూ బరువైన గాలి అని తిట్టుకున్నాను. తేలికైందే ఇంత ఏడిపిస్తోందా!

ఫీనిక్స్_ప్రసాద్ · ఆదివారం, రాత్రి 8:20

2017 జూన్‌లో నేను ఫీనిక్స్‌లో ఉన్నాను. 20వ తారీఖున 119 ఫారెన్‌హీట్ వరకు పోతుందన్నారు, అంటే 48 డిగ్రీలు. చిన్న ప్రాంతీయ జెట్లు పదుల సంఖ్యలో రద్దయ్యాయి, బోయింగులు, ఎయిర్‌బస్‌లు మాత్రం మామూలుగా పోతున్నాయి. అప్పుడు ఆఫీసులో అందరూ "చిన్న విమానాలకి బలం లేదు" అన్నారు. కారణం అదేనా?

భార్గవి_డిస్పాచ్ · ఆదివారం, రాత్రి 9:05

అక్కడ కథ కొంచెం వేరు. ఆ చిన్న జెట్లకి తయారీదారు ఇచ్చిన గరిష్ఠ ఉష్ణోగ్రత 118 ఫారెన్‌హీట్. పెద్దవాటికి 126, 127 దాకా ఉంది. ఏ ఎండకి ఎంత బరువుతో ఎగరొచ్చో తయారీదారు ఒక పట్టిక ఇస్తాడు, హద్దు దాటితే ఆ పట్టికలో అంకె ఉండదు. అంకె లేని చోట బరువు తగ్గించి పోదాం అనే మాట రాదు, ఎంత తగ్గించాలో ఎవరికీ తెలియదు కాబట్టి. లేహ్‌లో మేం బరువు తగ్గించి పంపేది పట్టిక ఉంది కాబట్టే. బయటివాళ్లకి రెండూ "ఎండ వల్ల విమానం ఎగరలేదు" అన్నట్టే కనిపిస్తాయి.

రామ్మోహన్_రిటైర్డ్ · ఆదివారం, రాత్రి 9:50

ఒక అభ్యంతరం. లేహ్‌లో మధ్యాహ్నం విమానాలు లేకపోవడానికి కారణం గాలి అని నేను విన్నాను, ఎండ కాదు. మధ్యాహ్నం లోయలో ఈదురుగాలి లేస్తుందట. మా అల్లుడు సైన్యంలో అక్కడ పనిచేశాడు, పదకొండు దాటితే గుడారాలు ఎగిరిపోయేవని చెప్పేవాడు.

భార్గవి_డిస్పాచ్ · ఆదివారం, రాత్రి 10:30

మీ అల్లుడుగారు చెప్పింది నిజం సార్. లేహ్‌లో మామూలుగా తూర్పు వైపుకి దిగుతారు, పడమర వైపుకి, స్పితుక్ గొంపా ఉన్న వైపుకి ఎగురుతారు. నేల తూర్పుకి ఎత్తు పెరుగుతుంది, అటు కొండలు. పగలు వేడెక్కాక గాలి లోయలో పైకి వీస్తుంది, అంటే పడమటి నుంచి. ఎగిరేవాళ్లకి అది ఎదురుగాలి, లాభమే. దిగేవాళ్లకి వెనకగాలి. పలచటి గాలిలో అసలే నేల మీద వేగం ఎక్కువ, దానికి వెనకగాలి తోడైతే ఆగడం కష్టం. విమానం దిగకపోతే ఎగిరేది ఎక్కడ?

నా లెక్కల బల్ల మీద నుంచి చూస్తే ఎండే పెద్ద విలన్, ఎందుకంటే రోజూ బరువు కోసేది అదే. పైలట్లని అడిగితే గాలి, కుదుపులు అంటారు. ఏది ముందు, ఏది వెనక అని మా ఆఫీసులోనే రెండు పక్షాలుండేవి.

రామ్మోహన్_రిటైర్డ్ · ఆదివారం, రాత్రి 10:44

అయితే నేను గాలి పక్షం.

బుల్లెట్_శ్రీను · ఆదివారం, రాత్రి 10:52

నేను ఎక్కడికైనా బండి మీదే. తోసుకుంటే వస్తుంది కనీసం.

వినయ్_అరిజోనా · సోమవారం, ఉదయం 7:15

మేడం, వచ్చే శనివారం ఫ్లాగ్‌స్టాఫ్‌కి మళ్లీ వెళ్తున్నాం, ఈసారి రాత్రి అక్కడే ఉండి ఉదయం బయల్దేరతాం. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ పంచిపెట్టే కోక్ చార్ట్‌లో ఒక ఉదాహరణ ఉంది: 6,000 అడుగులు, 100 ఫారెన్‌హీట్ అయితే టేకాఫ్ దూరానికి 230 శాతం కలపాలి, ఎక్కుడు 76 శాతం తగ్గుతుంది. వెయ్యి అడుగులు 3,300 అవుతాయి, 500 ఎక్కేది 120 ఎక్కుతుంది. నా లెక్క కూడా దీన్ని పట్టుకునే వేసుకోవచ్చా?

భార్గవి_డిస్పాచ్ · సోమవారం, ఉదయం 8:00

భయపెట్టుకోవడానికి ఆ చార్ట్ బాగుంటుంది, బయల్దేరడానికి మాత్రం మీ విమానం పుస్తకంలోని పట్టికే చూడాలి. దాంట్లోనూ ఒక మెలిక ఉంది. ఆ అంకెలు కొత్త ఇంజన్, పొడి గట్టి రన్‌వే, నాబ్ సరిగ్గా సర్దిన చెయ్యి అనుకుని ఇచ్చినవి. మీ స్కూలు విమానం ఎన్ని వేల గంటలు తిరిగిందో మీకే తెలుసు. ఇంకో సంగతి, పట్టికలో ఎత్తు అన్నచోట PA వేసి, ఉష్ణోగ్రత గడిలో ఉష్ణోగ్రత వేయాలి. కొందరు డెన్సిటీ ఆల్టిట్యూడ్ కట్టి దాన్ని ఎత్తు గడిలో పెట్టి, మళ్లీ ఉష్ణోగ్రత కూడా కలుపుతారు. ఎండని రెండుసార్లు లెక్కేసినట్టు అవుతుంది.

వినయ్_అరిజోనా · సోమవారం, ఉదయం 8:12

...నేను రాత్రి చేసింది సరిగ్గా అదే. కాగితం చింపేస్తున్నా.

వినయ్_అరిజోనా · తర్వాతి ఆదివారం, రాత్రి 10:05

వెళ్లొచ్చాం. ఉదయం 6:40కి లేచాం, 14 డిగ్రీలు, డెన్సిటీ ఆల్టిట్యూడ్ 8,600 లోపే. ట్యాంకులు నిండుగా కాకుండా ఇంటికి చేరేంత, దాని పైన నిల్వ అంతే పోశాం. నాబ్ ముందే సర్దాను. నిమిషానికి 400 దాటి ఎక్కింది. చెట్లు అవే, కానీ ఈసారి కిందికి పోయాయి.

రవి_కొత్తపేట · తర్వాతి ఆదివారం, రాత్రి 10:31

శభాష్ వినయ్. మేం వచ్చే ఏడాది నుబ్రా చూడటానికి మళ్లీ వెళ్దామనుకుంటున్నాం, అన్నిటికంటే ముందు బయల్దేరే విమానమే బుక్ చేస్తాను. ఇంతకీ మేడం, పడమటి గాలి ఎగిరేవాళ్లకి లాభం అన్నారు కదా, మరి మా విమానం ఆ రోజు పదకొండింటికి కదా కదిలింది. ఎదురుగాలి ఉంటే మా సూట్‌కేసులు మిగలాల్సింది.

భార్గవి_డిస్పాచ్ · తర్వాతి ఆదివారం, రాత్రి 11:02

ఎదురుగాలి పరుగుని తగ్గిస్తుంది రవి గారూ, ఇంజన్‌కి థ్రస్ట్ ఇవ్వదు. ఒక్క ఇంజన్ మీద ఉండాల్సిన ఆ 2.4 శాతం గాలి లేదనుకునే కట్టాలి. ఎదురుగాలి ఎంత వీచినా ఆ లెక్కలో మీ సూట్‌కేసులకి చోటు పెరగదు.